పోరంకి అపార్ట్‌మెంటుకి పేరు: హర్మ్యమా, సౌధమా, లోగిలా?

సురేష్, పోరంకి:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మా మామయ్యగారు పోరంకిలో బందరు కాలువకి దగ్గర్లో అపార్ట్‌మెంటు కడుతున్నారు. కింద పార్కింగు, పైన ఐదు అంతస్తులు, రెండు బ్లాకులు, మొత్తం 40 ఫ్లాట్లు. రెండు బ్లాకులకీ మధ్య పెద్ద ఖాళీ స్థలం వదిలారు. అందులో పాత వేపచెట్టు ఒకటి ఉంటే దాన్ని కొట్టకుండా ప్లాను గీయించారు. ఇప్పుడు పేరు దగ్గర ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. మామయ్యగారికి 'స్వర్ణ హర్మ్యం' కావాలి. మా బావగారు 'రాయల్ కృష్ణా తీరం' అంటున్నారు. ఇప్పటిదాకా చూసి వెళ్లినవాళ్లలో డాక్టర్లు, పిల్లలు అమెరికాలో ఉన్న రిటైరైన దంపతులు ఎక్కువ. వాళ్లకి పేరు గొప్పగా అనిపించాలి, గొప్పలు పోతున్నట్టు ఉండకూడదు. అలాంటి తెలుగు పేరు ఉంటుందా?

నాగమణి, గుంటూరు:
మేము విద్యానగర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు పేరులో ఎన్ని అక్షరాలు ఉండాలో లెక్క చూపించుకున్నాం. ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ పెట్టమన్నారు, పెట్టాం. అంతా బాగానే ఉంది. మీ మామయ్యగారి పుట్టిన తేదీ చెబితే నేను అడిగి పెడతాను.

సురేష్:
థాంక్సండీ నాగమణిగారూ. ఆ లెక్క ఇంట్లో పెద్దవాళ్లు చూసుకుంటారు. నాకు మాట గురించే సందేహం.

రమాదేవి, బ్రోడీపేట:
సురేష్ గారూ, ముందు హర్మ్యం సంగతి చూద్దాం. అమరకోశం పురవర్గంలో ఈ మాటల్ని ఎవరి ఇంటికి వాడాలో విడివిడిగా చెప్పారు. ధనవంతుల నివాసం హర్మ్యం. దేవుడిదీ రాజుదీ ప్రాసాదం. రాజు ఉండే మేడ సౌధం. అందుకని హర్మ్యం అని బోర్డు పెడితే 'ఇక్కడ డబ్బున్నవాళ్లు ఉంటారు' అని గేటు మీద రాసుకున్నట్టే. దానికి ముందు స్వర్ణ అని తగిలిస్తే ఇంకేం మిగిలింది? చదివేవాళ్లందరికీ ఇంత వివరం తెలియకపోవచ్చు. కానీ మాటకి ఎప్పటినుంచో ఉన్న బరువు చెవికి తగులుతూనే ఉంటుంది.

ప్రాసాదం అసలు వద్దు. ఫోనులో చెబితే ప్రసాదం అనే వింటారు. సౌధం మంచి మాటే. సుధ అంటే సున్నం, సున్నం కొట్టిన తెల్లటి మేడ కాబట్టి సౌధం. అయితే బెంగళూరు విధానసౌధ పుణ్యమా అని ఆ మాట వినగానే మనకి ప్రభుత్వ ఆఫీసు గుర్తొస్తుంది.

విజయ్, బెంజి సర్కిల్:
మేడం గారు చెప్పింది నిజమే కానీ అన్నా, మార్కెట్లో అమరకోశం ఎవరూ చూడరు. ఇరవై ఏళ్లుగా ఫ్లాట్లు అమ్ముతున్నవాడిగా చెబుతున్నా, రెసిడెన్సీ, టవర్స్, ఎన్‌క్లేవ్ అంటేనే కస్టమర్ ఫోన్ చేస్తాడు. తెలుగు పేరు పెడితే గుడి కమిటీ కట్టిన సత్రం అనుకుంటారు.

హారిక, కానూరు:
విజయ్ గారూ, కిందటేడు ఫ్లాటు కొన్నదాన్ని, కస్టమర్ వైపు నుంచి చెబుతాను. రెసిడెన్సీ అంటే మా అమ్మ లాడ్జి అనుకుంది. బస్టాండు చుట్టుపక్కల లాడ్జిల పేర్లు చూడండి, సగం రెసిడెన్సీలే కదా. టవర్స్ అని పేరున్న చోట ఐదంతస్తులు చూసి మా ఆయన తల పైకెత్తకుండానే లెక్కపెట్టేశారు. పేరు ఒకటి చెప్పి బిల్డింగు ఇంకోటి చూపిస్తే, ఆ తర్వాత వాళ్లు చెప్పే సిమెంటు, టైల్సు సంగతి కూడా అనుమానంగానే విన్నాం.

రమాదేవి:
హారిక గారు అసలు విషయం పట్టుకున్నారు. రెసిడెన్సీ అంటే ఇంగ్లీషువాళ్ల కాలంలో రెసిడెంటు దొర ఉండే బంగళా. హైదరాబాద్ కోఠిలో ఉన్నది అదే. ఎన్‌క్లేవ్ అంటే చుట్టూ వేరేవాళ్ల భూమి ఉండి మధ్యలో ఉన్న ముక్క. ఆ మాటల అర్థం ఎప్పుడో అరిగిపోయింది, చప్పుడు ఒక్కటే మిగిలింది. రాయల్, గ్రాండ్, ఎలైట్ అయితే మరీ. మన గొప్ప మనమే చెప్పుకుంటున్నట్టు ఉంటాయి. ఆ స్థలంలో కంటికి కనిపించే ఒక్క నిజం పట్టుకుని పేరు పెడితే గొప్ప దానంతట అదే వస్తుంది. మీ దగ్గర అలాంటివి రెండున్నాయి సురేష్ గారూ, కాలువ ఒకటి, రెండు బ్లాకుల మధ్య చెట్టున్న వాకిలి ఒకటి.

సురేష్:
కాలువ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. బందరు కాలువలో పారేది ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన కృష్ణ నీళ్లేగా, అందుకని కృష్ణా తీరం అంటే అబద్ధం కాదు అంటారు మా బావగారు.

రమాదేవి:
నీళ్లు కృష్ణవే, తీరం మాత్రం కాదు. తీరం నదికీ సముద్రానికీ వాడతాం. కాలువకి ఉండేది గట్టు. ఈ డెల్టాలో పుట్టినవాళ్లెవరూ బందరు కాలువ తీరాన నడిచాను అనరు, కాలువ గట్టు మీద నడిచాను అంటారు. కృష్ణా తీరం అని చదివి వచ్చినవాడు బాల్కనీలోంచి నది కోసం చూస్తాడు.

విజయ్:
ఈ మాటకి మాత్రం నేను మేడం గారి వైపే. రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పుడు మాట నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి. ఉత్త పేరు ఒక్కటే ఉంటే దాని కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు తేల్చాలి. కానీ ఆ పేరు పక్కన నది బొమ్మ కూడా వేశారంటే చిక్కు కొనితెచ్చుకున్నట్టే.

ఇంకో మాట సురేష్. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా రిజిస్ట్రేషన్ తప్పదు. మీవి నలభై. రిజిస్ట్రేషన్‌కి ఏ పేరిస్తే బ్రోచర్లోనూ అగ్రిమెంట్లలోనూ అదే నడవాలి. తర్వాత మార్చాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ కాగితాలు. అడ్వాన్సులు తీసుకున్నాక అయితే అదో పెద్ద టెన్షన్. ఆ లోపే తేల్చుకోండి.

సురేష్:
మరి మధ్యలో వాకిలిని బట్టి అయితే ఏం పెట్టొచ్చు మేడం?

రమాదేవి:
లోగిలి. మన జిల్లాల్లో మండువా లోగిలి అంటే మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ వసారా, గదులు. పేరున్న కుటుంబాల ఇళ్లకి ఆ మాట వాడేవారు. దర్జా అందులోనే ఉంది, ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. మీ రెండు బ్లాకులూ ఆ ఖాళీ స్థలం వైపే తిరిగి ఉన్నాయి కాబట్టి అబద్ధమూ లేదు.

ప్రసాద్, మంగళగిరి:
చాలా బాగుంది. మామయ్యగారి మాట కూడా కలిసొచ్చేలా 'స్వర్ణ లోగిలి' అంటారేమో, అది మాత్రం ఒప్పుకోకండి. సంస్కృతపు మాట పక్కన తెలుగు మాట పెట్టి సమాసం చేస్తే ఎప్పుడైనా తప్పే. వైరి సమాసం అంటారు.

రమాదేవి:
స్వర్ణ లోగిలి విషయంలో మీరన్నది సరే ప్రసాద్ గారూ. కానీ 'ఎప్పుడైనా తప్పే' అనకండి. రోజూ మనం దుర్గ గుడి అంటున్నాం కదా, అందులో తప్పేముంది? సంస్కృతంలో దుర్గా అని దీర్ఘం. తెలుగులోకి వచ్చి దుర్గ అయింది, అలా తెలుగు వేషం వేసుకున్నాక గుడి పక్కన చక్కగా నిలబడింది. సంస్కృత సమాసమే కావాలంటే దుర్గా దేవాలయం అని దీర్ఘం ఉంచాలి. కృష్ణ సంగతీ అంతే. నదిని తలుచుకుంటే కృష్ణా నిలయం, దేవుణ్ణి తలుచుకుంటే కృష్ణ నిలయం. మన ఊళ్లో బోర్డులు రాసేటప్పుడు ఈ ఒక్క దీర్ఘం ఎవరూ పట్టించుకోరు.

స్వర్ణం కూడా తెలుగు వేషం వేసుకోవాలంటే స్వర్ణపు లోగిలి కావాలి. అది నోటికి బాగుండదు. బంగారు లోగిలి అనొచ్చు, వ్యాకరణం కుదురుతుంది. కానీ మళ్లీ బంగారం ఎందుకండీ?

ఖాజా, గవర్నర్‌పేట:
నేను బోర్డులు చేస్తాను. వ్యాకరణం నాకు తెలీదు గానీ బోర్డు గురించి చెబుతా. హర్మ్యం తెలుగులో రాస్తే ర కింద మ వత్తు, దాని పక్కన య వత్తు వస్తాయి. మూడడుగుల బోర్డులో వత్తులకి కింద చోటు వదలాలి కాబట్టి పై అక్షరాలు చిన్నవైపోతాయి. లైటింగు అక్షరాలైతే ఆ వత్తుల్లో బల్బుల పట్టీ సరిగ్గా తిరగదు, కొన్నాళ్లకి అక్కడే చీకటి పడుతుంది. రోడ్డు మీద నుంచి హరం అని చదువుతారు. లోగిలిలో వత్తే లేదు. మూడక్షరాలూ బోర్డు నిండా వస్తాయి.

హారిక:
ఇంగ్లీషులో కూడా చూడండి. మ్యాప్‌లో Harmyam అని ఉంటే డెలివరీ అబ్బాయి హార్మియమ్, హార్మోనియం అంటాడు. Logili ఎవరు చదివినా దాదాపు అదే పలుకుతుంది. నాకు ఒక్కటే సందేహం. నా వయసువాళ్లకి లోగిలి అంటే ఊరి చివర రిసార్టో, వృద్ధాశ్రమమో అనిపించదా?

విజయ్:
అదే నా భయం కూడా. రిటైరైనవాళ్లు ఇష్టపడతారు, డాక్టర్ల పిల్లలు వంక పెడతారు.

రమాదేవి:
వంక పెట్టొచ్చు, కాదనను. ఆ మాట పక్కన ఏం పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. వేప లోగిలి అని చూడండి. రెండూ తెలుగే, చెట్టు అక్కడే ఉంది, వచ్చినవాళ్లకి చూపించొచ్చు. పల్లెటూరి బొమ్మలు, ఎద్దుబండి చక్రాలు మాత్రం గేటుకి తగిలించకండి. అప్పుడు నిజంగానే రిసార్టు అవుతుంది.

ప్రసాద్:
వేప అంటే చేదు కదండీ, కొనేవాళ్లకి శకునం పట్టింపు ఉండదా?

నాగమణి:
ఉగాది రోజు మొదట తినేది వేపపువ్వే కదా ప్రసాద్ గారూ. మా ఇంటి ముందు కూడా వేపచెట్టే. ఎవరూ ఏమీ అనలేదు.

సురేష్:
అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. హర్మ్యం అంటే డబ్బున్నవాళ్ల ఇల్లు అని తెలిశాక మామయ్యగారే వద్దన్నారు. బావగారు తీరం వదులుకున్నారు గానీ కృష్ణని వదలనంటున్నారు, 'కృష్ణ లోగిలి' కావాలట. అత్తయ్యగారికి 'వేప లోగిలి' నచ్చింది. చెట్టు నరక్కుండా ఆపింది ఆవిడే మరి. రెరా దరఖాస్తు వచ్చే వారం. రమాదేవిగారూ, కృష్ణ లోగిలి అంటే నది అనుకుంటారా, దేవుడు అనుకుంటారా?

రమాదేవి:
వ్యాకరణం ప్రకారం నదే. దేవుడైతే కృష్ణుని లోగిలి అనాలి. కానీ విన్న పదిమందిలో తొమ్మిదిమంది దేవుణ్ణే అనుకుంటారు, గేటు దగ్గర వేణువు బొమ్మ పెట్టమని అడుగుతారు. నా ఓటు మీ అత్తయ్యగారికే.

విజయ్:
నాది ఇంకా కృష్ణకే అన్నా. బెజవాడలో కృష్ణ పేరు ఉన్నది చెడిపోదు.