మసక ఫోటోలో మూడే ఇంగ్లిష్ అక్షరాలు, ఫాంట్ ఎలా తేల్చాలి?

అరండల్‌పేట డీటీపీ, గుంటూరు: మిర్చి టిక్కీల మీద వేసే ముద్ర కొత్తగా చేయాలి. పార్టీ వాట్సాప్‌లో పంపిన పాత ఫోటో ఒక్కటే ఆధారం. జి, ఆర్, సి అని మూడే పెద్దక్షరాలు, బోల్డ్, ఎత్తు 24 పిక్సెల్స్. ఏరియల్‌లో కొట్టి మీద పెడితే వెడల్పు సరిగ్గా కూర్చుంది గానీ, చూస్తే ఏదో తేడా. ఏ ఫాంట్ అయ్యుంటుందన్నా?

బెజవాడ ఫ్లెక్స్: పెద్దది చేసి షార్పెన్ కొట్టి, ఫాంట్ గుర్తుపట్టే సైట్లో వెయ్యి తమ్ముడూ. అయినా వెడల్పు కూర్చుందంటే ఏరియలే.

గవర్నర్‌పేట ప్రెస్: వెడల్పుని నమ్మొద్దు. హెల్వెటికా వెడల్పులకు సరిపోయేలాగే ఏరియల్‌ని 1982లో గీశారు, కాబట్టి రెండూ ఒకేలా కూర్చుంటాయి. తేడా అక్షరాల కొసల్లోనే ఉంటుంది. షార్పెన్ కొడితే ఆ కొసలే పాడవుతాయి, జేపెగ్ మచ్చలు అంచుల్లాగా కనపడతాయి. సైట్ కూడా వాటినే చదివి తప్పు పేరు చెబుతుంది.

ఫోటోని బాగుచేయడం మానేసి, అనుమానమున్న ఫాంట్‌నే పాడుచేయండి. ఏరియల్ బోల్డ్, హెల్వెటికా బోల్డ్ రెండింట్లో ఆ మూడక్షరాలు పెద్దగా కొట్టి, 24 పిక్సెల్స్‌కి తగ్గించి, తక్కువ క్వాలిటీ జేపెగ్‌గా సేవ్ చేయండి. తర్వాత మూడు బొమ్మల్నీ పది రెట్లు పెంచి పక్కపక్కన పెట్టండి.

ముందు ఆర్ కాలు చూడండి. హెల్వెటికాలో దాదాపు నిటారుగా దిగుతుంది, ఏరియల్‌లో ఏటవాలుగా బయటికి పోతుంది. ఈ కాలు పది పిక్సెల్స్ దాకా ఉంటుంది కాబట్టి మసకలోనూ దాగదు. తర్వాత సి కొసలు: హెల్వెటికాలో అడ్డంగా కోసినట్టు, ఏరియల్‌లో వాలుగా. జి కింద కుడివైపు చిన్న కొమ్ము హెల్వెటికాకే ఉంటుంది. కానీ ఈ సైజులో అది రెండు పిక్సెల్సే, గోనె మీద ఇంకు పరుచుకుంటే కలిసిపోతుంది. అది కనపడలేదని హెల్వెటికాని కొట్టేయొద్దు.

మంగళగిరి నుంచి: నాదీ ఇలాంటిదే, పాత పెళ్లి శుభలేఖలో తెలుగు అక్షరాలు. అను ఫాంట్ అనుకుంటున్నా. ఇదే పద్ధతి పనిచేస్తుందా?

గవర్నర్‌పేట ప్రెస్: పద్ధతి అదేనండీ, చూడాల్సిన చోట్లు వేరు. తలకట్టు కొస, దీర్ఘం వంపు, కింది వత్తు సైజు పోల్చండి. ఫోటో పెట్టి విడిగా అడగండి.

అరండల్‌పేట డీటీపీ: చేశానన్నా. ఆర్ కాలు నిటారుగానే దిగింది, సి కొసలు అడ్డంగానే ఉన్నాయి. జి దగ్గర అంతా ముద్దగా ఉంది.

బెజవాడ ఫ్లెక్స్: అయితే ఏరియల్ కాదు, ఒప్పుకుంటా. కానీ మన దగ్గర పాత పనులన్నీ కోరల్ డ్రాలోనే కదా, హెల్వెటికా ఎవరు వాడారు?

గవర్నర్‌పేట ప్రెస్: మంచి మాట. కోరల్‌తో వచ్చే `Swis721 BT` హెల్వెటికాకి దగ్గరి పోలికే. 24 పిక్సెల్స్‌లో ఈ రెండింటినీ విడదీయలేం. పాత టిక్కీ ఒకటి దొరికితే ముద్ర పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఫోటో తీయించి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపించుకో. అప్పటిదాకా పార్టీకి `Swis721 BT` బోల్డ్‌లో ప్రూఫ్ చూపించొచ్చు.