సరుకు కదలకముందే బిల్లు వేయమంటున్నారు, ఏం చేయాలి?

నేను అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. వచ్చే నెల 3న వెళ్లే సరుకుకి ఈ నెల 31 తేదీతోనే బిల్లు వేయమని మా మేనేజర్ అడుగుతున్నారు. ఆర్డర్ నిజమైనదే, డబ్బూ వస్తుంది. క్వార్టర్ టార్గెట్ కోసమే ఈ తొందర. ఆయన మంచివారే, అందుకే ఈ టెన్షన్.

కానీ బిల్లు తేదీ, లారీ రసీదు తేదీ పక్కపక్కన పెడితే ఆడిటర్‌కి ఇట్టే దొరికిపోతుంది. పైగా ఎంట్రీ పడేది నా లాగిన్‌తో. సరుకు మా గోడౌన్‌లోనే ఉంచమని కొనుగోలుదారే అడిగి, అది వాళ్ల పేరున విడిగా, పంపడానికి సిద్ధంగా ఉంటే ముందే అమ్మకంగా చూపే వీలుందని తెలుసు. ఇక్కడ ఇంకా ప్యాకింగే కాలేదు!

"ఈ మాట మెయిల్‌లో పెట్టండి సార్" అంటే ఆయన్ని ఇరికించినట్టు అవుతుందా? ఎడమొహం పెడమొహం కాకుండా ఎలా చెప్పాలి?