ఫోను వదలలేని విద్యార్థి మొదట ఏ పుస్తకం చదవాలి?

పెన్నా గట్టు: నెల్లూరులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను, హాస్టల్లో ఉంటాను. పుస్తకం తెరిచిన పది నిమిషాలకే ఫోను చేతిలోకి వస్తుంది. ఏకాగ్రత మీద పుస్తకాలు చాలా వచ్చాయంటున్నారు. మొదట ఏది చదవాలి? క్లాసు నోట్సు వాట్సాప్‌లోనే పంపిస్తారు కాబట్టి ఫోను పూర్తిగా మానలేను.

గూడూరు ఇంజినీరు: కాల్ న్యూపోర్ట్ 2016లో రాసిన ‘డీప్ వర్క్’ చదువు తమ్ముడూ, ఇంకేదీ అక్కర్లేదు. రోజుకు నాలుగు గంటలు తలుపు వేసుకుని ఒకే పని మీద కూర్చోవాలి. ఒక్కసారి ఫోను చూస్తే మనసు మళ్లీ చదువులోకి రావడానికి 23 నిమిషాలు పడుతుందని పరిశోధనలో తేలింది. గంటలో మూడుసార్లు చూశావంటే ఆ గంట పోయినట్టే.

ఒంగోలు తండ్రి: ఫోను వదలడానికి పుస్తకం కొనాలా? మా అబ్బాయి కాలేజీలో చేరగానే స్మార్ట్‌ఫోను తీసుకుని బటన్ ఫోను చేతికిచ్చాను. మీ నాన్నగారికి చెప్పు బాబూ, ఆయన కూడా అదే చేస్తారు.

పొదిలి పాఠకురాలు: ఇవన్నీ ఆంగ్ల పుస్తకాలేనా? తెలుగులో చదవదగినది ఏదైనా ఉంటే చెప్పండి.

కావలి గ్రంథపాలకుడు: ‘డీప్ వర్క్’ మంచి పుస్తకమే కానీ ఈ అబ్బాయికి అది రెండోది కావాలి. ఏకాగ్రతతో పని చేసే సమయాన్ని ఎలా కాపాడుకోవాలో అది చెబుతుంది. పది నిమిషాలు కూడా కూర్చోలేనివాడి దగ్గర కాపాడుకోవడానికి సమయం ఎక్కడుంది? పైగా నాలుగు గంటలనేది బాగా అలవాటు పడినవారికి ఉండే గరిష్ఠ పరిమితి. కొత్తవారికి రోజుకు సుమారు గంటే పరిమితి అని ఆ పుస్తకంలోనే ఉంది.

అదే రచయిత 2019లో ‘డిజిటల్ మినిమలిజమ్’ రాశాడు. మొదట చదవవలసింది అది. అందులో 30 రోజుల పద్ధతి ఒకటుంది. లేకపోయినా చదువుకూ ఉద్యోగానికీ నష్టం రాని యాప్‌లన్నీ నెల రోజులు ఆపేయాలి. తప్పనిసరైనవాటికి ఎప్పుడు, ఎందుకు వాడాలో నియమం రాసుకోవాలి. నెల తర్వాత ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, నిజంగా విలువైనదైతేనే వెనక్కి తెచ్చుకోవాలి, అదీ షరతులతో.

నీ సంగతే తీసుకుందాం బాబూ. రీల్స్, క్రికెట్ స్కోర్లు లేకపోతే నీ చదువు ఆగదు, కాబట్టి అవి తీసేయాలి. క్లాసు గ్రూపు తప్పదు కాబట్టి ఉంటుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లో తెరిచి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి నోట్సు దించుకుని మూసేయాలి. వాట్సాప్ తక్కువగా వాడతాను అని రాసుకుంటే అది నియమం కాదు, కోరిక. రచయిత పిలుపుకు 1,600 మంది దాకా ఇది చేసి చూశారు. మధ్యలో మానేసినవారిలో కొందరి నియమాలు మరీ వదులు, కొందరివి మరీ బిగువు. ఇంకొందరు ఖాళీ అయిన సాయంత్రాల్లో ఏం చేయాలో ముందుగా ఆలోచించుకోలేదు. హాస్టల్లో ఈ చివరిదే పెద్ద చిక్కు, ఏడు నుంచి తొమ్మిది దాకా అందరి చేతుల్లోనూ ఫోనే ఉంటుంది కదా.

గూడూరు ఇంజినీరు: 23 నిమిషాల సంగతి దాటేశారు. అది తప్పంటారా?

కావలి గ్రంథపాలకుడు: తప్పు కాదు, చోటు మారింది. అది గ్లోరియా మార్క్ ఆఫీసు ఉద్యోగుల మీద చేసిన పరిశోధన. చేస్తున్న పనికి అంతరాయం కలిగితే మళ్లీ ఆ పని పట్టుకునేదాకా గడిచిన సమయం అది. మధ్యలో వాళ్లు వేరే పనులు చేసుకున్నారు. మనసు కుదురుకోవడానికి పట్టిన సమయం కాదు, ఫోనుతో కూర్చున్న విద్యార్థుల లెక్క అంతకంటే కాదు.

గూడూరు ఇంజినీరు: పని వదిలి 23 నిమిషాలు బయటే ఉన్నాక నష్టం నష్టమే. ఆ అంకె చూసి భయపడే నేను ఫోను బీరువాలో పెట్టడం మొదలుపెట్టాను. భయం పనికొచ్చింది.

నెల్లూరు అధ్యాపకురాలు: మీరిద్దరూ అంకె దగ్గరే ఆగిపోయారు. అబ్బాయిని ఒక్క మాట అడుగుతాను. నాయనా, చేయి ఫోను మీదికి వెళ్లే ముందు క్షణంలో నువ్వు ఏం చేస్తూ ఉంటావు?

పెన్నా గట్టు: నిన్న రాత్రి గమనించాను మేడమ్. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ లెక్కలు చేస్తున్నాను. మొదటి రెండూ వచ్చాయి, ఫోను గుర్తుకే రాలేదు. మూడోది అర్థం కాలేదు, ఫోను తీశాను. మొదటి సంవత్సరం గణితం తప్పాను, ఇంకా పూర్తి చేయలేదు. లెక్క రాకపోతే అదే గుర్తుకొస్తుంది.

నెల్లూరు అధ్యాపకురాలు: అలాగైతే నీర్ ఎయాల్ 2019లో రాసిన ‘ఇన్‌డిస్ట్రాక్టబుల్’ నీకు ముందు కావాలి. మనం ఫోను వైపు పరుగెత్తేది ఎక్కువగా ఏదో ఇబ్బంది నుంచి తప్పించుకోవడానికే అంటాడు ఆయన. చేయి వెళ్లిన ప్రతిసారీ సమయమూ, ఆ ముందు కలిగిన భావమూ కాగితం మీద రాయి. తర్వాత పది నిమిషాలు ఆగు. అప్పటికీ కావాలనిపిస్తే తీసుకో. యాప్‌లు తీసేస్తే నీ గణితం భయం పోదు.

కావలి గ్రంథపాలకుడు: ఆ రచయితే 2014లో జనాన్ని యాప్‌లకు అలవాటు చేయడం ఎలాగో కంపెనీలకు చెబుతూ ‘హుక్డ్’ రాశాడు. తప్పంతా నీ మనసుదే అని ఇరవై ఏళ్ల పిల్లవాడికి చెప్పడం నాకు నచ్చదు. రీల్స్‌కు అంతం లేకుండా చేసింది పిల్లవాడు కాదు.

నెల్లూరు అధ్యాపకురాలు: తప్పు అనలేదండీ, చోటు చూపించాను. మీ 30 రోజుల్లో రీల్స్ తీసేశాక మూడో లెక్క దగ్గర ఏం చేస్తాడు? న్యూపోర్ట్ పుస్తకంలోనే ఒకామె అన్నీ ఆపేశాక మిగిలిన వాతావరణం యాప్‌ను మాటిమాటికీ చూసుకుంది కదా. ఇతను ల్యాప్‌టాప్‌లో యూట్యూబ్ తెరుస్తాడు. అలా తెరిచాడంటే రోగం యాప్‌లో లేనట్టు.

ఒంగోలు తండ్రి: భావాలు కాగితం మీద రాసుకుంటే పరీక్ష పాసవుతారా? మీరంతా పిల్లలను గారాబం చేస్తున్నారు. ఫోను తీసుకోవాలి, అంతే.

కావలి గ్రంథపాలకుడు: మీ అబ్బాయికి పనికొచ్చిందా? నిజం చెప్పండి.

ఒంగోలు తండ్రి: మా ఇంటి సంగతి మీకెందుకు? మీ పిల్లలైతే తెలిసేది.

కావలి గ్రంథపాలకుడు: మొదటి నుంచీ ఇంటి సంగతే సాక్ష్యంగా పెడుతున్నది మీరే కదండీ.

ఒంగోలు తండ్రి: సరే, చెబుతాను. స్నేహితుడి పాత ఫోను తెచ్చుకుని ఆరు నెలలు దాచిపెట్టాడు. దొరికిన రోజు నుంచి నాతో సరిగా మాట్లాడడం లేదు. కాలేజీ నోటీసులు బటన్ ఫోనుకు రావు కాబట్టి ఒక పరీక్ష ఫీజు గడువు కూడా దాటిపోయింది. అయినా నేను చేసింది తప్పని ఒప్పుకోను. ఏమీ చేయకుండా చూస్తూ ఉండాలా?

నెల్లూరు అధ్యాపకురాలు: చూస్తూ ఉండమనడం లేదండీ. ఆ 1,600 మందీ తమంతట తాము ముందుకొచ్చినవారు, ఏది ఉంచాలో ఏది తీయాలో తామే రాసుకున్నారు. మీ అబ్బాయికి ఆ జాబితా రాసే అవకాశం రాలేదు. గ్రంథపాలకుడు గారితో నా తగువు ఏ పుస్తకం ముందన్నదే. మీతో మాత్రం ఆ జాబితా ఎవరు రాయాలన్న దగ్గర.

ఒంగోలు తండ్రి: పద్దెనిమిదేళ్లవాడి చేతికి జాబితా ఇస్తే అన్నీ తప్పనిసరి అనే రాస్తాడు.

కావలి గ్రంథపాలకుడు: రాయవచ్చు. అందుకే ఏది లేకపోతే చదువుకు ఏ నష్టమో పక్కనే రాయమనాలి. రీల్స్ పక్కన ఏం రాస్తాడో మీరిద్దరూ కూర్చుని చూడండి. మీ ఫోనుకు కూడా ఒక జాబితా రాయండి.

గూడూరు ఇంజినీరు: బీరువా మాట మరచిపోకండి. ఏ పుస్తకం చదివినా ఫోను బల్ల మీద ఉండకూడదు.

పెన్నా గట్టు: ఈ రాత్రి కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఫోను గది మిత్రుడి పెట్టెలో ఉంది. 8:40కి నాలుగో లెక్క, కన్వల్యూషన్, చేయి వెళ్లింది. 9:05కి అదే లెక్క. 9:30కి క్లాసు గ్రూపు గుర్తొచ్చింది, ఇది లెక్క వల్ల కాదు. రెండు రకాలూ ఉన్నాయి మేడమ్. మొదటి రెండు సార్లూ పది నిమిషాలు ఆగాను, మూడోసారి లేచి పెట్టె తెరిచాను. లెక్క ఇంకా రాలేదు, రేపు ఉదయం సీనియర్‌ని అడుగుతాను.