ఉద్యోగం మానేశాక ఇచ్చే ఫుల్ అండ్ ఫైనల్ లెక్క, అంటే ఎఫ్ అండ్ ఎఫ్ షీటులో 83,104 వచ్చింది, సరైనదేనా?

కొడవలూరు స్టోర్స్: నెల్లూరు దగ్గర రొయ్యల మేత ఫ్యాక్టరీలో ఆఫీసు స్టాఫ్‌గా 6 ఏళ్ల 7 నెలలు చేసి రాజీనామా చేశాను. బేసిక్, డీఏ కలిపి 26,000, గ్రాస్ 34,000. షీటులో ఆఖరి నెల జీతం 34,000, వాడని ఈఎల్ సెలవులు 24 రోజులకు 20,800, గ్రాట్యుటీ 78,000 వేశారు. కోతలు: తక్కువైన 30 రోజుల నోటీసుకు 34,000, పీఎఫ్ 5,616, వృత్తి పన్ను 200, టీడీఎస్ 9,880. సంతకం పెట్టొచ్చా?

పెన్నా పేరోల్: ఇప్పుడే పెట్టకండి. గ్రాట్యుటీ లైనులో రెండు తప్పులున్నాయి. 78,000 ఎలా వచ్చిందో వెనక్కి లెక్కేస్తే, 26,000ను 30తో భాగించి, 15 రోజులు, 6 ఏళ్లతో హెచ్చవేశారు. చట్టంలో నెలజీతాన్ని 26తో భాగించాలి, ఎందుకంటే వారపు సెలవులు పోను నెలకు 26 పనిరోజులు. ఇక 6 నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా పట్టాలి కాబట్టి మీకు 7 ఏళ్లు. రోజుకు 1,000, పదిహేను రోజులకు 15,000, ఏడేళ్లకు 1,05,000. అంటే 27,000 తగ్గించి ఇచ్చారు.

పీఎఫ్ కూడా చూడండి. 5,616ను 12 శాతంతో వెనక్కి తిప్పితే 46,800 వస్తుంది. అది 26,000కు 20,800 కలిపిన మొత్తం. లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ మీద పీఎఫ్ కోయకూడదు. 26,000 మీద 3,120 చాలు, 2,496 మీకు తిరిగి రావాలి.

చీమకుర్తి గ్రానైట్: అన్నా, నాది 4 ఏళ్ల 10 నెలలు. ఈ లెక్కన నాకు 5 ఏళ్లు పట్టి గ్రాట్యుటీ ఇవ్వాలి కదా?

పెన్నా పేరోల్: రెండూ వేరు. ముక్కను పూర్తి ఏడాదిగా పట్టే లెక్క, ముందు అర్హత వచ్చిన వాళ్లకు. 5 ఏళ్లు నిండాయా అన్నది వేరే ప్రశ్న. ఐదో ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాసు హైకోర్టు చెప్పింది, కానీ అన్ని కంపెనీలూ దాన్ని ఒప్పుకోవు. మీ హాజరు పట్టీ తీసి ఐదో ఏడాదిలో ఎన్ని రోజులు పనిచేశారో ముందు లెక్కపెట్టండి.

కావలి సీనియర్: 26 లెక్క గ్రాట్యుటీకే కాదు, లీవుకూ అదే. 24 రోజులకు 24,000 రావాలి, 20,800 అన్నది మోసం. ఇంకోటి, నోటీసు డబ్బులు గ్రాట్యుటీలోంచి కోయడం కంపెనీ హక్కు, ఎలాగూ వాళ్లకు రావాల్సిందే.

పెన్నా పేరోల్: లీవు విషయంలో అంత ఖాయంగా చెప్పలేం సార్. గ్రాట్యుటీకి 26 అని చట్టమే రాసింది. ఆఫీసు స్టాఫ్ లీవుకు కంపెనీ పాలసీలో 30 అని ఉంటే 20,800 తప్పు కాదు. అదే మెషీన్ల దగ్గర పనిచేసే కార్మికులకైతే, 2025 దాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో బేసిక్ ఒక్కటే కాదు, అలవెన్సులు కూడా కలిపి రోజు వేతనం కట్టాల్సి వచ్చేది. నోటీసు మాత్రం మీరన్నట్టు కాదు. నష్టం కలిగించి, లేదా దుష్ప్రవర్తనతో ఉద్యోగం పోయినప్పుడే గ్రాట్యుటీ ఆపొచ్చు. రాజీనామాకు అది చెల్లదు. నోటీసు సొమ్ము జీతం, లీవు నుంచే కోయాలి.

కావలి సీనియర్: జీతం, లీవు కలిపితే 54,800, అందులో 34,000 పోతుంది. ఇక ఎందులోంచి కోస్తే ఏంటి?

పెన్నా పేరోల్: ఈ షీటులో తేడా రాదు, ఒప్పుకుంటాను. లీవు తక్కువున్న వాళ్లకు వస్తుంది.

ఒంగోలు ఆడిట్: నా అభ్యంతరం వేరే. లీవు ఇచ్చేటప్పుడు బేసిక్, నోటీసు కోసేటప్పుడు గ్రాస్. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసుకు బేసిక్, డీఏ అని ఉంటే కోత 26,000 అవ్వాలి, అంటే 8,000 తిరిగి రావాలి. ఆ కాగితం తీసి చూడండి. ఉత్త "జీతం" అని ఉంటే మాత్రం ఇద్దరూ వాదించుకోవచ్చు.

టీడీఎస్ 9,880 అంటే గ్రాట్యుటీ, లీవు కలిపి 98,800 మీద పది శాతం. జీతానికి అలా చదునుగా 10 శాతం ఉండదు, ఏడాది మొత్తం ఆదాయం మీద లెక్క కట్టాలి. ఈ గ్రాట్యుటీకీ లీవుకూ పన్ను మినహాయింపు ఉంది, మీ ఏడాది జీతం నాలుగు లక్షల చిల్లరే కాబట్టి పన్నే పడదు. ఇప్పటికే జమ చేసేసి ఉంటే రిటర్న్ వేసి రిఫండ్ తీసుకోండి.

కొడవలూరు స్టోర్స్: మరి ఎంత అడగాలి?

పెన్నా పేరోల్: నోటీసు, లీవు కంపెనీ లెక్కే పెట్టుకున్నా 1,22,480 రావాలి, అంటే 39,376 ఎక్కువ. గ్రాట్యుటీ, పీఎఫ్, టీడీఎస్ మూడింటికీ విడివిడిగా లెక్కేసి హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి, మాటతో వదలకండి. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే ఏడాదికి 10 శాతం వడ్డీ కట్టాలి. తేడా ఇవ్వకపోతే కార్మిక శాఖలో గ్రాట్యుటీ వివాదాలు చూసే అధికారికి దరఖాస్తు పెట్టుకోండి. సంతకం తప్పదంటే పక్కనే "గ్రాట్యుటీ తేడాపై అభ్యంతరంతో" అని రాసి పెట్టండి.