థ్రాన్ కథ లెక్కలోకి వస్తుందా, రాదా? స్టార్ వార్స్‌లో కానన్, లెజెండ్స్ తగువు

కొత్తచదువరి:
"అసోకా" సిరీస్ చూసి థ్రాన్ పాత్ర పిచ్చిగా నచ్చేసింది. అందుకని టిమొతీ జాన్ 1991లో రాసిన "ఎయిర్ టు ది ఎంపైర్" కొనుక్కున్నాను. సగం అయింది. మా ఆఫీసులో ఒకతను చూసి "అది కానన్ కాదు, లెజెండ్స్. అవేవీ జరగలేదు, ఎందుకు చదువుతున్నావు?" అన్నాడు. అదే పాత్ర, అదే రచయిత. ఒకటి జరిగినట్టు, ఒకటి జరగనట్టు ఎలా అవుతుంది? అసలు ఎవరు తేలుస్తారు ఇది?

నల్గొండ_జెడై:
తేల్చింది డిస్నీ. లూకాస్ చేతిలో ఉన్నంతకాలం నవలలు, కామిక్స్, గేములు అన్నీ కాననే. 2012లో లూకాస్‌ఫిల్మ్‌ని 400 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. 2014 ఏప్రిల్‌లో ఒక్క ప్రకటనతో ముప్పై ఏళ్లకు పైబడిన కథల మీద "లెజెండ్స్" అని ముద్ర కొట్టి అటకెక్కించారు. కొత్త సినిమాలకు అడ్డం వస్తాయని, అంతే. మీ ఆఫీసాయన చెప్పింది రూలు ప్రకారం నిజమే, కానీ ఆ రూలే అన్యాయం.

రెబెల్_రవళి:
థ్రాన్ కోసమైతే ముందు "రెబెల్స్" మూడో సీజన్ చూడండి, అక్కడే వస్తాడు. తర్వాత నాలుగో సీజన్, ఆ తర్వాత మళ్లీ అసోకా. ఈ వరసలో చూస్తే ఏ తికమకా ఉండదు.

పాతహోలోక్రాన్:
రవళి గారూ, ఆయన అడిగింది చూసే వరస కాదండీ. ఏది లెక్కలోకి వస్తుందని.

నల్గొండ సోదరా, తేదీలు సరే. "లూకాస్ ఉన్నప్పుడు అన్నీ కాననే" అన్న మాట మాత్రం కుదరదు. 2000 నుంచి లూకాస్‌ఫిల్మ్‌లో హోలోక్రాన్ అని ఒక డేటాబేస్ ఉండేది, లీలండ్ చీ అనే ఆయన దాన్ని చూసుకునేవాడు. అందులో ప్రతి కథకీ ఒక మెట్టు. పైన జీ, అంటే జార్జ్ లూకాస్ సినిమాలు. తర్వాత టీవీకి ఒక మెట్టు వచ్చింది. ఆ కింద సీ, మనం ఎక్స్‌పాండెడ్ యూనివర్స్ అని పిలిచే నవలలూ కామిక్సూ చాలా వరకు ఇక్కడే. ఇంకా కింద పాత సరుకు, అట్టడుగున "ఇలా జరిగి ఉంటే" తరహా కథలు. పై మెట్టుకీ కింది మెట్టుకీ పేచీ వస్తే కింది మెట్టు తప్పుకోవాలి. అప్పటి కానన్‌కి అర్థం అదే. ఏది నిజం అన్నది కాదు, పేచీ వస్తే ఎవరు దారివ్వాలి అన్నది.

ఒక్క బోబా ఫెట్‌ని చూడండి. 1996లో వచ్చిన కథల సంపుటిలో అతని అసలు పేరు జాస్టర్ మెరీల్. కాంకర్డ్ డాన్ అనే గ్రహం మీద రక్షక భటుడు, తన పైఅధికారిని చంపి దేశబహిష్కరణ పొందుతాడు. చదివినవాళ్లందరికీ బోబా అంటే ఆ మనిషే. 2002లో "అటాక్ ఆఫ్ ది క్లోన్స్" వచ్చింది. అందులో బోబా పదేళ్ల పిల్లాడు, జాంగో ఫెట్ నుంచి తీసిన క్లోన్. ఆరేళ్ల పాటు చెల్లిన కథ ఒక్క సినిమాతో చెల్లకుండా పోయింది. అప్పటికి డిస్నీ లేదు, అది చేసింది లూకాసే.

కానీ ఆ తర్వాత రచయితలు చేసింది చూడాలి. ఆ జాస్టర్ మెరీల్‌ని పారేయలేదు. అదే ఏడాది వచ్చిన కామిక్స్‌లో అతన్ని జాంగోని చేరదీసి పెంచిన మాండలోరియన్ నాయకుడిగా మార్చారు. బోబా ఆ పేరు వాడుకున్నాడంతే అన్నట్టు పాత కథకి అతుకు వేశారు. ఏళ్ల తరబడి ఎక్స్‌పాండెడ్ యూనివర్స్ బతికింది ఇలాంటి అతుకుల మీదే. నాకు ఆ పని అంటే గౌరవం. సినిమా వచ్చి గోడ కూలిస్తే, ఇటుకలు ఏరుకుని మళ్లీ గది కట్టేవాళ్లు.

2014లో మారింది ఇది: మెట్లు తీసేసి ఒకే గీత గీశారు. ఆరు సినిమాలు, 2008లో మొదలైన "ది క్లోన్ వార్స్" గీతకి ఇవతల. మిగతా పాత నవలలూ కామిక్సూ అవతల. ఆపైన కొత్తగా వచ్చేవన్నీ, సినిమా అయినా పుస్తకమైనా, సమానమే అన్నారు.

ఆబిడ్స్_ఆదివారం:
నేను వాదించలేను, నా సంగతి చెబుతాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో "న్యూ జెడై ఆర్డర్" ఒక్కొక్కటే ఏరుకున్నాను. మొత్తం 19 నవలలు. వరసగా దొరకవు కదా, ఏడోది చదివాక మూడోది దొరికేది. మొదటి దానిలోనే చూబాకా చనిపోతాడు. ఒక చంద్రుడే గ్రహం మీద పడుతుంటే చూబాకా, హాన్ చిన్నకొడుకుని ఓడలోకి ఎక్కించి తను కింద ఉండిపోతాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి డాబా మీదకి వెళ్లి చాలాసేపు కూర్చున్నాను. తర్వాతి కొన్ని పుస్తకాల్లో హాన్ ఆ కొడుకు మొహం చూడలేకపోవడం, తాగుడు, లేయాతో దూరం... అదంతా నాతోపాటే నడిచింది.

2015లో థియేటర్లో చూబాకా తెర మీదకి రాగానే చుట్టూ ఈలలు. నాకు కళ్లు తిరిగినట్టయింది. సంతోషమూ ఉంది. కానీ నేను ఏడ్చిన చావు ఎవరికీ తెలీని చావు అయిపోయింది. "అది జరగలేదు" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మాయాశశి:
మనకి ఇది కొత్తా? శశిరేఖ వ్యాసభారతంలో లేదు. లక్ష్మణరేఖ వాల్మీకిలో లేదు. అయినా ఆ గీత తెలియని ఇల్లు ఉందా? "కానన్ కాదు" అని మాయాబజార్ చూడడం మానేశామా? నచ్చిన కథే నిజం కథ. ఇందులో ఇంత గొడవ ఎందుకో నాకు అర్థం కాదు.

పాతహోలోక్రాన్:
శశి గారూ, పోలిక బావుంది. కానీ భారతానికి యజమాని లేడండీ. రేపు ఒకరు శశిరేఖ లేకుండా అభిమన్యుడి కథ రాసినా మాయాబజార్‌కి వచ్చే నష్టం లేదు. స్టార్ వార్స్‌కి యజమాని ఉన్నాడు. గీతకి అవతల పడ్డ కథకి కొనసాగింపు దాదాపు ఆగిపోయింది. పుస్తకాలు "లెజెండ్స్" ముద్రతో మళ్లీ అచ్చవుతున్నాయి. కానీ హాన్ కూతురు జైనా సోలోకి ఆ తర్వాత ఏమైందో చెప్పే అధికారం ఇంకెవరికీ లేదు, చెప్పాల్సినవాళ్లు చెప్పట్లేదు. ఆబిడ్స్ గారి బాధ అదే అనుకుంటాను. కథ అబద్ధమైందని కాదు, అక్కడితో నిలిచిపోయిందని.

ఆబిడ్స్_ఆదివారం:
అవునండీ. సరిగ్గా అదే.

బేకర్‌వీధి:
కథల విషయంలో కానన్ అన్న మాట వాడుక షెర్లాక్ హోమ్స్ అభిమానుల నుంచి వచ్చింది. 1911లో రొనాల్డ్ నాక్స్ హోమ్స్ కథల్ని బైబిల్ పండితులు గ్రంథాన్ని పరిశీలించినట్టు పరిశీలించి ఒక వ్యాసం చదివాడు. డాయిల్ రాసిన 4 నవలలు, 56 కథలు కానన్, మిగతావాళ్లు రాసినవి కావు. అక్కడ గీత తేలిక, ఎందుకంటే గీత అంటే రచయిత చెయ్యి. నాకు స్టార్ వార్స్‌లో మింగుడుపడనిది అదే. జాన్ చేత్తో రాసిన 1991 థ్రాన్ కానన్ కాదు, అదే జాన్ 2017లో రాసిన థ్రాన్ కానన్. చెయ్యి మారలేదు, గీత మారింది. రచయితకి విలువ లేని చోట కానన్ అన్న పెద్ద మాట ఎందుకు? "కంపెనీ ప్రస్తుత జాబితా" అంటే సరిపోతుంది.

నల్గొండ_జెడై:
హోలోక్రాన్ అన్నా, మెట్ల సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఇప్పుడు అన్నీ సమానమే అంటున్నారు కదా, అదైనా నిలబడిందా?

పాతహోలోక్రాన్:
కాగితం మీద నిలబడింది. రెబెల్స్‌లోని జెడై కేనన్ జారస్ సంగతి చూడు. తన గురువు డెపా బిలాబా చనిపోయిన రాత్రి 2015 కామిక్‌లో వివరంగా ఉంది. కేలర్ గ్రహం మీద నెగడు చుట్టూ కూర్చుని ఉంటారు, క్లోన్ సైనికులు నేస్తాల్లా మాట్లాడుతుంటారు, ఇంతలో జెడైలని చంపమని ఆజ్ఞ వస్తుంది. ఆ కామిక్ 2014 తర్వాతిది, పూర్తిగా కానన్. 2021లో "ది బ్యాడ్ బ్యాచ్" మొదటి ఎపిసోడ్ అదే ఘట్టాన్ని చూపించింది. పగటి వెలుగు, మంచు, యుద్ధం మధ్యలో ఆమెని కాల్చేస్తారు. నెగడు లేదు, ఆ రాత్రీ లేదు. రెండూ కాననే, రెండూ ఒకేసారి జరగడం అసాధ్యం. జనం ఏది పట్టుకున్నారు? టీవీదే. తెరకీ కాగితానికీ మధ్య పాత మెట్టు చెప్పకుండా మళ్లీ వచ్చి కూర్చుంది. నాకు నెగడు దగ్గరి రాత్రే మేలనిపిస్తుంది. నమ్మినవాళ్లు పక్కన కూర్చుని ఉన్నప్పుడు జరిగిన ద్రోహం అది.

బేకర్‌వీధి గారూ, "ప్రస్తుత జాబితా" అన్నది బావుంది కానీ పూర్తిగా ఒప్పుకోను. జాబితా లేకపోతే పదిమంది రచయితలు ఒకే లోకంలో పని చేయలేరు. చూబాకా బతికి ఉన్నాడా లేదా అన్నది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

కొత్తచదువరి గారూ, మీ పుస్తకం సగంలో ఉంది కాబట్టి రుఖ్ అనే అంగరక్షకుడి గురించి నేనేమీ చెప్పను. అతన్ని కూడా రెబెల్స్‌లోకి తెచ్చారని మాత్రం గుర్తుపెట్టుకోండి. కోరసాంట్ అన్న పేరు కూడా మీ చేతిలో ఉన్న ఆ నవలలోనే మొదట వచ్చింది. 1999 సినిమాలో అదే పేరు పెట్టుకున్నారు. "జరగని" పుస్తకంలోంచి రాజధాని పేరు తీసుకున్నారన్నమాట. మరి అదే నవలలో వచ్చిన మారా జేడ్‌ని ఎందుకు తీసుకోలేదో నాకు ఇప్పటికీ బాధే.

కొత్తచదువరి:
అందరికీ థాంక్సండీ. పుస్తకం పూర్తి చేస్తాను. ఇంకో సందేహం: "రివెంజ్ ఆఫ్ ది సిత్"లో గ్రీవస్ దగ్గుతూ ఉంటాడు కదా. మేస్ విండూ అతని ఛాతీ నలిపేశాడు కాబట్టి అని ఎక్కడో చదివాను. అది లెక్కలోకి వస్తుందా?

పాతహోలోక్రాన్:
అది 2003లో మొదలైన పాత బొమ్మల సిరీస్‌లోది, 2005లో సినిమాకి ముందు వచ్చిన భాగంలో ఉంది. 2008 సిరీస్ వేరు, ఇది వేరు. 2014 గీతకి ఇది అవతల పడింది. కాబట్టి రాదు.

ఆబిడ్స్_ఆదివారం:
సినిమాలో దగ్గు ఉంది కదండీ. ఆ దగ్గు విన్నప్పుడల్లా నాకు మేస్ విండూ పిడికిలి బిగించడమే కనిపిస్తుంది. దాన్ని తీసేయమంటే ఎలా తీసేస్తాను?

పాతహోలోక్రాన్:
నిజం చెప్పాలంటే నాకూ అదే కనిపిస్తుంది.