ఎక్స్‌పెరిమెంటల్ సెక్షన్ అసంపూర్ణంగా ఉందని రివ్యూయర్ తిప్పి పంపాడు, ఎక్కడ సరిచేయాలి?

బెంచ్_రవి: సుజుకి కప్లింగ్ పేపర్. "డేటా అసంపూర్ణం, ఫార్మాట్ ఒకేలా లేదు" అన్నది తప్ప రివ్యూయర్ ఇంకేమీ రాయలేదు. మొదటి కాంపౌండ్ 4-అసిటైల్‌బైఫినైల్ ఎంట్రీ పెడుతున్నా. 4-బ్రోమోఅసిటోఫినోన్ 1.0 మిల్లీమోల్, ఫినైల్‌బోరోనిక్ ఆసిడ్ 183 మి.గ్రా. (1.2 ఈక్వివలెంట్లు), Pd(PPh3)4 3 మోల్ శాతం, 2 మోలార్ K2CO3, టోలుయీన్. 90 డిగ్రీల దగ్గర ఓవర్‌నైట్. నీళ్లతో కడిగి కాలమ్ చేశాం. ఈల్డ్ 85%.

```
1H NMR (CDCl3) δ 8.03 (d, J = 8.4 Hz, 2H), 7.69 (d, J = 8.4, 2H),
7.63 (d, 2H), 7.47 (t, 2H), 2.64 (s, 3H)
HRMS [M+H]+ calcd 197.0966, found 197.0958
```

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటినీ ఒకే పద్ధతిలోకి ఎలా తేవాలి?

పల్లాడియం_ప్రియ: 85 అంటే తక్కువే. లిగాండ్ మార్చి చూడండి, SPhos తో నాకు ఇలాంటివి తొంభై దాటాయి.

సిలికా_శాస్త్రి: ఈల్డ్ సంగతి ఆయన అడగలేదమ్మా. రవీ, ముందు తూకాలు చూడు. ఫినైల్‌బోరోనిక్ ఆసిడ్ మాలిక్యులర్ వెయిట్ 121.93. 1.2 మిల్లీమోల్ అంటే 146 మి.గ్రా. నువ్వు రాసిన 183 అంటే 1.5 ఈక్వివలెంట్లు. రెండిట్లో ఏది నిజమో నోట్‌బుక్ చెప్పాలి, లెక్క కాదు. ఈల్డ్ పక్కన బరువు కూడా లేదు. 1.0 మిల్లీమోల్ మీద 85% అంటే 167 మి.గ్రా., తూచినది అంతేనా?

ఇక ఎన్ఎంఆర్‌లో హైడ్రోజన్లు లెక్కపెట్టు. C14H12O లో 12 ఉండాలి, నీ లైన్‌లో 11 వస్తున్నాయి. 7.40 దగ్గర పారా హైడ్రోజన్ ట్రిప్లెట్ జారిపోయింది. మెగాహెర్ట్జ్ లేదు. J ఒకచోట Hz తో, ఒకచోట లేకుండా, రెండుచోట్ల అసలు లేనే లేదు. మాస్ కూడా తప్పే, ఎలక్ట్రాన్ తీసేయలేదు.

డాక్టర్_స్పెక్ట్రా: ఎలక్ట్రాన్ బరువు ఎవరు పట్టించుకుంటారండీ? 5 పీపీఎం లోపల ఉంటే చాలు, ఆయనది ఉంది. నా పేపర్లన్నీ అలాగే వచ్చాయి. కొత్తవాళ్లకి లేనిపోని టెన్షన్ పెట్టకండి.

సిలికా_శాస్త్రి: న్యూట్రల్ 196.0888. దానికి ప్రోటాన్ 1.0073 కలపాలి, హైడ్రోజన్ పరమాణువు 1.0078 కాదు. సరైనది 197.0961. తేడా 0.0005, ఈ బరువు దగ్గర దాదాపు 2.8 పీపీఎం. సరైన లెక్కతో అతని ఎర్రర్ 1.5 పీపీఎం, తప్పు లెక్కతో 4.1. మంచి డేటాని మనమే పాడుచేసుకున్నట్టు.

డాక్టర్_స్పెక్ట్రా: 800 మాస్ ఉన్న కాంపౌండ్‌కి అదే తేడా 0.7 పీపీఎం. అక్కడేం ఒరుగుతుంది? ఇరవై ఏళ్లుగా మాస్ స్పెక్ట్రా చూస్తున్నా, నాకు ప్రోటాన్ పాఠం చెప్పకండి.

సిలికా_శాస్త్రి: పాఠం కాదు సార్. ఒకే SI లో సగం కాంపౌండ్లకి ఎలక్ట్రాన్ తీసి, సగానికి తీయకపోతే రివ్యూయర్ ఏ నంబర్‌నీ నమ్మడు. ఏదో ఒక పద్ధతి ఎంచుకోవాలంటే సరైనదే ఎంచుకోవచ్చుగా?

పరవాడ_ప్లాంట్: మీరు నాలుగో దశాంశం దగ్గర కొట్టుకుంటున్నారు, నా బాధ వేరు. ఇలాంటి పేపర్లనే మాకిచ్చి స్కేలప్ చేయమంటారు. "నీళ్లతో కడిగాం" అంటే ఎన్ని మి.లీ., ఎన్నిసార్లు? పోయినసారి ఎమల్షన్ కట్టి లేయర్లు పగలు విడిపోలేదు, సాయంత్రానికి కూడా విడిపోలేదు. బ్రైన్ వాడారని పేపర్‌లో ఒక్క ముక్క ఉంటే మా షిఫ్ట్ మిగిలేది. కాలమ్‌కి సాల్వెంట్ నిష్పత్తి కూడా రాయరు.

ఇంకోటి. టోలుయీన్, నీళ్లు కలిస్తే దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు కండెన్సర్ కింద లోపల 90 ఎలా వచ్చింది?

బెంచ్_రవి: 90 అన్నది ఆయిల్ బాత్ టెంపరేచర్. నోట్‌బుక్ తీశాను: 183 మి.గ్రా.నే తూచారు, 1.2 అన్నది జనరల్ ప్రొసీజర్ నుంచి వచ్చింది. ప్రోడక్ట్ 167 మి.గ్రా. సరిపోయింది. టైమ్ 14 గంటలు.

సిలికా_శాస్త్రి: అయితే "ఆయిల్ బాత్ 90 °C, 14 గంటలు" అని రాయి. K2CO3 కి మి.లీ. కూడా: 2 మోలార్ ద్రావణం 1.0 మి.లీ. అయితే 2 ఈక్వివలెంట్లు. జనరల్ ప్రొసీజర్‌కి తేడా ఉన్న ప్రతి కాంపౌండ్ కింద అసలు తూకం విడిగా ఇవ్వాలి. 1.2 తో చేశామన్న టేబుల్‌లో 1.5 తో చేసిన కాంపౌండ్ ఉంటే, పోలిక నిలబడుతుందా లేదా అన్నది మీ గైడ్‌తో మాట్లాడు.

పల్లాడియం_ప్రియ: 1.5 పెట్టాక కూడా 85 అంటే బోరోనిక్ ఆసిడ్ పాతదేమో చూడండి.

డాక్టర్_స్పెక్ట్రా: 8.03, 7.69 సిగ్నల్స్ AA'BB' అవుతాయి, "d" అని రాయడం కూడా తప్పే. ఇంత పట్టింపు ఉంటే అది కూడా మార్చమనండి.

సిలికా_శాస్త్రి: అది కరెక్టే. ఎక్కువ జర్నల్స్‌లో "d" నడిచిపోతోంది. నేనైతే అన్ని పారా కాంపౌండ్లకీ "d" అనే ఉంచుతా, ఒకదానికి "m" ఒకదానికి "d" మాత్రం వద్దు.

పరవాడ_ప్లాంట్: రవీ, బ్రైన్ ఎన్ని మి.లీ.?