10 అడుగుల గ్రానైట్ పలక బరువు ఎంత? లెక్క కుదరడం లేదు

కొత్తింటి శ్రీను: పొద్దుట్నుంచి ఈ లెక్కతోనే కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. వంటగది గట్టుకి గ్రానైట్ తెప్పిస్తున్నాం. పొడవు 10 అడుగులు, వెడల్పు 2 అడుగులు, మందం 20 ఎం.ఎం. అన్నీ మీటర్లలోకి మార్చి, ఘనపు మీటరుకి 2,700 కిలోల చొప్పున గుణిస్తే 1,003 కిలోలు వస్తోంది. షాపువాళ్లు 80 కిలోలు అంటున్నారు. మోసేవాళ్లేమో చాలా బరువు, ఆరుగురు కావాలంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? రాయి రేపు పొద్దున్నే వస్తుంది.

వాణి: 20 ఎం.ఎం. అంటే 0.02 మీటరు. మీరు 0.2 వేశారు. 100 కిలోలు.

పద్మ: మాకు ఇల్లు కట్టినప్పుడు మేస్త్రి చెప్పిన లెక్క ఒకటే: చదరపు అడుగుకి 5 కిలోలు. మీది 20 చదరపు అడుగులు కాబట్టి 100. గ్రానైట్ అయినా మార్బుల్ అయినా అంతే, మళ్లీ లెక్క చేసే పని లేదు.

రాళ్ల రాజు: పద్మ గారూ, ఆ 5 కిలోల లెక్క 20 ఎం.ఎం. మందం ఉన్న మామూలు రాయికే. మందం మారితే బరువూ మారుతుంది. మేం సైట్‌లో ఇలా వేస్తాం:

చదరపు అడుగులు × ఎం.ఎం. ÷ 4 = కిలోలు

శ్రీను గారూ, షాపువాళ్ల 80 కూడా తప్పు కాకపోవచ్చు. 20 × 16 ÷ 4 చేయండి, సరిగ్గా 80 వస్తుంది. అంటే పలక అసలు మందం 16 ఎం.ఎం. అయ్యుండొచ్చు. రాయి దింపకముందే కోసిన అంచు దగ్గర మూడు నాలుగు చోట్ల కొలవండి, అన్ని చోట్లా ఒకేలా ఉండదు. 20 అని బిల్లు వేసి 16 ఇస్తే బరువొక్కటే కాదు, మీ డబ్బులు కూడా తేడా. ఇంతకీ ఏ రాయి? ఎన్నో అంతస్తు? సింక్ కటింగ్ ఎక్కడ?

కొత్తింటి శ్రీను: బ్లాక్ గెలాక్సీ అండి. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. సింక్ కటింగ్ షాపులోనే చేయించేశాను, 24 బై 18 అంగుళాలు. ముందు అంచుకి అంగుళంన్నర పట్టీ అతికించారు. ఇవన్నీ బరువుకి అవసరమా?

సుబ్బారావు మాస్టారు: మీరు తీసుకున్నది మా చీమకుర్తి రాయి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, భూగర్భశాస్త్రం ప్రకారం అది గ్యాబ్రో. అందులో ఇనుము, మెగ్నీషియం ఉన్న ఖనిజాలు ఎక్కువ.

వాణి: మాస్టారూ, ఆయన అడిగింది బరువు.

సుబ్బారావు మాస్టారు: బరువు గురించే చెబుతున్నానమ్మా. ఆ ఖనిజాల వల్లే 2,700 చాలదు, 2,900 పైన వేసుకోవాలి.

రాళ్ల రాజు: మాస్టారు చెప్పింది నిజం. నల్లరాయికి వచ్చిన లెక్క మీద పదో వంతు కలపండి. మందం నిజంగా 20 అయితే నిండు పలక 110 కిలోలు. సింక్ కోసిన ముక్క 3 చదరపు అడుగులు, అంటే 16 కిలోలు పోతాయి. పట్టీ వల్ల ఓ 7 కిలోలు పెరుగుతాయి. మొత్తం 101 దగ్గర తేలుతుంది.

కానీ మీరు టెన్షన్ పడాల్సింది బరువు గురించి కాదు. సింక్ రంధ్రానికి ముందూ వెనకా మిగిలేవి సన్నని పట్టీలు. పలకని పడుకోబెట్టి ఎత్తితే అక్కడే విరుగుతుంది. అంచు మీద నిలబెట్టే మోయాలి, ఆ రంధ్రానికి అటూ ఇటూ చెక్క కట్టించండి. నేల మీద అయితే నలుగురు చాలు. మెట్ల మీద బరువు కింద ఉన్నవాళ్ల మీదికి వాలుతుంది, పైగా మలుపులో చేతులు మారాలి. ఆరుగురు అడగడం న్యాయమే. కూలీ దగ్గర బేరం ఆడకండి, రాయి జారితే పోయేది వాళ్ల కాళ్లు.

అనిత: నాదీ ఇదే సమస్య. మా గట్టు కింద కడప రాళ్లు నిలబెట్టారు, పైన 100 కిలోలు పెడితే ఆగుతాయా?

పద్మ: ఆగుతాయమ్మా, మా ఇంట్లో అలాగే ఉంది. మార్బుల్ మాత్రం వేయించకండి. నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది, ఎంత తుడిచినా పోదు.

వాణి: అనితా, ఆ రాళ్లు ఎంత దూరం దూరంగా ఉన్నాయో చెప్పకుండా ఎవరూ చెప్పలేరు. విడిగా అడగండి.

రాళ్ల రాజు: శ్రీను గారూ, మెట్ల మలుపు దగ్గర వెడల్పు ఎంత? 10 అడుగుల ముక్క అక్కడ తిరగకపోతే ఎంతమంది ఉన్నా లాభం లేదు. అప్పుడు సింక్ దగ్గర రెండు ముక్కలు చేసి అతకాలి, లేదా బయటనుంచి తాడుతో లాగాలి.

కొత్తింటి శ్రీను: మూడున్నర అడుగులు ఉంటుందేమో, పొద్దున కొలుస్తాను. ఆరుగురికి ఒప్పుకున్నాను. థాంక్సండీ.

వాణి: ఇప్పుడే కొలవండి.